బ్లాక్‌కు పెద్ద అక్షరం, వైట్‌కు చిన్నదా?

జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ 'బ్లాక్' మాటను పెద్ద 'బి'తో రాయాలని నిర్ణయించింది. అది ఒట్టి రంగు పేరు కాదు, ఉమ్మడి చరిత్ర ఉన్న ప్రజల పేరు అన్నది కారణం. జూలైలో 'వైట్'ను మాత్రం చిన్న అక్షరంతోనే ఉంచింది. చర్మం రంగు వల్ల వివక్షకు గురైన అనుభవం తెల్లవాళ్లకు లేదని, పెద్ద 'డబ్ల్యూ' శ్వేతజాతి ఆధిపత్యవాదులు వాడే పద్ధతని చెప్పింది.

అదే నెలలో వాషింగ్టన్ పోస్ట్ రెండింటికీ పెద్ద అక్షరమే ఎంచుకుంది. చిన్న అక్షరంలో ఉంచితే తెల్లవాళ్లు జాతి లేని మామూలు మనుషులైపోతారన్నది అటువైపు వాదన. 'మాకు కులం లేదు' అనే సవర్ణుల మాట విన్న మాకు ఇదే బలంగా కనిపిస్తుంది.

తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు. అనువాదంలో ఈ తేడా మాయమవుతుంది. అందుకే మేము 'నల్లవాళ్లు' అనకుండా 'నల్లజాతి ప్రజలు' అని రాస్తున్నాం.