కానుకతో పాటు నాలుగు మాటలు

బడి వదిలాక కూర్చోబెట్టి చదువు చెప్పిన మాస్టారికి కానుక ఇస్తూ, దాని మీద ఓ చిన్న కాగితం పెట్టడం ఈమధ్య వచ్చిన అలవాటు. కానుక మాత్రం చాలా పాతది. అది ఎప్పుడివ్వాలన్న నియమం కూడా అంతే పాతది.

చదువు సాగుతున్నన్నాళ్లూ శిష్యుడు గురువుకు ఏమీ ఇవ్వకూడదని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. చదువు ముగించుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు, గురువు అనుమతి తీసుకుని, తన శక్తికొద్దీ ఇవ్వాలి. ఏమివ్వవచ్చో కూడా అక్కడే ఉంది: పొలం, బంగారం, ఆవు, గుర్రం. అవి లేనివాడికి గొడుగు, చెప్పులు, ధాన్యం, బట్టలు, ఆఖరికి కూరగాయలు కూడా చాలు. జీతం మాట్లాడుకుని వేదం చెప్పేవాణ్ని మాత్రం ఆ గ్రంథమే శ్రాద్ధానికి పిలవకూడనివాళ్లలో చేర్చింది. చదువు మధ్యలో ఇస్తే అది బేరం అవుతుందన్న జాగ్రత్త ఈ నియమాల్లో కనిపిస్తుంది.

మన వీధిబడుల్లో కానుకకు మాటలు తోడయ్యాయి. దసరాకు పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, రంగులద్దిన విల్లంబులు పట్టుకుని, బుక్కాయి, పూలు చల్లుతూ అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. గుమ్మం ముందు పద్యాలు చదివితే ఇంటివాళ్లు అయ్యవారికి డబ్బో బట్టలో ఇచ్చి, పిల్లల చేతుల్లో పప్పుబెల్లాలు పోసేవారు. అయ్యవారికి ఎంత ముట్టాలో, పిల్లలకు ఏం పెట్టాలో ఆ పాటల్లోనే ఉండేది. అయితే ఆ మాటలు అయ్యవారే నేర్పినవి. ఊళ్లో ప్రతి పిల్లవాడి నోటా అవే. ఫలానా పిల్లవాడికి ఆయన ఫలానా మేలు చేశాడని చెప్పే వీలు వాటిలో లేదు.

ఆ మాట చెప్పాలంటే కాగితం కావాలి. అలాంటి ఉత్తరాల్లో లోకమంతా ఎరిగినది ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ రాసినది. అల్జీర్స్‌లోని బెల్కూర్ పేటలో తండ్రి లేని పిల్లవాడు ఆయన. తల్లికి చదువు రాదు, సరిగా వినబడదు, ఇళ్లల్లో పాచిపని చేసేది. ప్రాథమిక పాఠశాల కాగానే మనవణ్ని పనిలో పెట్టాలని అమ్మమ్మ పట్టుబట్టింది. పంతులు లూయీ జెర్మేన్ ఇంటికి వెళ్లి ఆమెను ఒప్పించాడు. బడి అయ్యాక కామూతో పాటు మరికొందరిని కూర్చోబెట్టుకుని, పైసా తీసుకోకుండా స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేశాడు. 1924లో కామూ నెగ్గి లీసే అనే ఉన్నత పాఠశాలలో చేరాడు.

1957లో తనకు నోబెల్ ప్రకటించాక, ఆ సందడి కాస్త సద్దుమణిగే దాకా ఆగి, నవంబర్ 19న కామూ పంతులుకు ఉత్తరం రాశాడు. కబురు తెలిసినప్పుడు అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరేనన్నాడు. పేదపిల్లవాడిగా ఉన్న తనకు అందించిన చెయ్యి గురించి చెప్పాడు. మొత్తం కలిపి ఒక్క పేజీ కూడా ఉండదు. స్వీడన్‌లో చేసిన ప్రసంగాల పుస్తకాన్ని కూడా ఆ పంతులుకే అంకితమిచ్చాడు. మాటలూ కానుకా రెండూ అందాయి, ఆ పంతులు దగ్గర చదువు ముగిసిన ముప్పై ఏళ్లకు పైగా గడిచాక.

ఇప్పుడు మన దగ్గర బడిలో పనిచేసే టీచరు ప్రైవేటు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది. పదో తరగతి పిల్లల్ని సాయంత్రం ఉచితంగా కూర్చోబెట్టుకునే మాస్టారికి పరీక్షల ముందు పంపిన కానుక ఫీజులా కనిపించవచ్చు. అందుకే ఫలితాలు వచ్చాక ఇవ్వడం మంచిది. ఖరీదైనది వద్దు. ఒక పెన్ను, ఒక పుస్తకం చాలు. పాత నియమమే ఇక్కడ మళ్లీ పనికొస్తోంది.

కాగితం మీద ఏం రాయాలన్నదే అసలు చిక్కు. ‘మీరు దైవంతో సమానం’ అని రాస్తే అది ఏ మాస్టారికైనా సరిపోతుంది. ఆయన ఏ సాయంత్రం, ఏ లెక్క దగ్గర ఆగి మళ్లీ చెప్పారో రాయాలి. నేనైతే ఇలా రాయమంటాను:

‘మాస్టారూ, నమస్కారం. త్రికోణమితిలో ఎత్తులు, దూరాల లెక్కలంటే నాకు భయం. దసరా సెలవుల తర్వాత రోజూ బడి వదిలాక మీరు ఆగి, నాతో ముందు బొమ్మ గీయించేవారు. బొమ్మ సరిగ్గా వచ్చేదాకా సూత్రం రాయనిచ్చేవారు కాదు. పరీక్షలో అదే లెక్క వచ్చింది, ముందు బొమ్మే గీశాను. మీ బస్సు తప్పిపోయిన రోజులు నాకు తెలుసు. ఈ పెన్ను అమ్మా, నేనూ కలిసి కొన్నాం. తీసుకోండి.’

కింద పిల్లవాడి పేరు, తరగతి, సెక్షను. ఏళ్లు గడిచాక మాస్టారు ఆ కాగితం తీస్తే ఎవరిదో తెలియాలి కాబట్టి సంవత్సరం కూడా వేయాలి. రాత పిల్లవాడిదే అయి ఉండాలి. అమ్మానాన్నలు తప్పులు దిద్ది తిరగరాయించకూడదు.