టెడ్డీ బాయ్స్: ముందు కోటు, తర్వాత పాట

రాక్ అండ్ రోల్ వినే కుర్రాళ్లు చెడిపోతున్నారని 1956లో బ్రిటన్ పేపర్లు గోల పెట్టాయి. పాటే గ్యాంగుల్ని తయారుచేసిందని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ తేదీలు చూస్తే కథ తిరగబడింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లండన్‌లోని సావిల్ రో టైలర్లు, ఎడ్వర్డ్ రాజు కాలం నాటి ఫ్యాషన్‌ని డబ్బున్నవాళ్ల కోసం మళ్లీ తెచ్చారు. ఆ పొడవాటి కోటుని కార్మికుల పేటల కుర్రాళ్లు తమదిగా చేసుకున్నారు. ఎడ్వర్డ్‌కి ముద్దుపేరు టెడ్డీ, అందుకే వీళ్లు టెడ్డీ బాయ్స్. 1953లో క్లాపమ్ కామన్ దగ్గర ఒక కుర్రాడు కత్తిపోట్లకు చనిపోతే, పేపర్లు ఈ కోట్లవాళ్ల మీద విరుచుకుపడ్డాయి. అప్పటికి బిల్ హేలీ ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ పాట రికార్డు కూడా కాలేదు! అది 1954లో.

1956లో అదే పేరుతో సినిమా వచ్చింది. టెడ్డీలు హాళ్లలో లేచి డాన్సులేశారు, సీట్లు కోసేశారు. కొన్ని ఊళ్లలో సినిమానే ఆపేశారు. నింద పాట మీద పడింది.

1960ల్లో ఆ పాత రాక్ అండ్ రోల్ తోలు జాకెట్లు, మోటార్‌సైకిళ్ల రాకర్స్ దగ్గర మిగిలింది. ఇటాలియన్ సూట్లు, స్కూటర్ల మోడ్స్ అమెరికా నల్లజాతివాళ్ల సోల్ పాటలు పట్టుకున్నారు. 1964లో బ్రైటన్ బీచ్‌లో రెండు గుంపులూ కొట్టుకున్నాయి.

నాకు అర్థమైంది ఇదీ: టెడ్డీల గొడవ పాటలోంచి పుట్టలేదు. ముందే ఉన్న గుంపుకి ఒక జెండా కావాల్సొచ్చింది, పాట దొరికింది.