మెట్రో పటం ఫొటో చూసి దారి నిర్ణయించడం

మెట్రో స్టేషన్ గోడ మీది మార్గ పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, ఒక్కసారి మాత్రమే లైను మారి త్వరగా గమ్యం చేరే దారిని అందులో వెతుక్కోవడం నేటి నగరవాసులకు అలవాటైన పని. చూడటానికి సులువుగానే ఉంటుంది కానీ ఇందులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: గీత పొట్టిగా కనిపించిన దారే దగ్గర దారి అనుకోవడం. మెట్రో పటంలో గీత పొడవు దూరాన్నీ చెప్పదు, కాలాన్నీ చెప్పదు. స్టాపుల లెక్క, లైను మారే చోటు, పటం ఏనాటిదన్న సంగతి, ఈ మూడే నమ్మదగిన ఆధారాలు. ఎందుకో తెలియాలంటే ఈ పటాలు ఎలా పుట్టాయో చూడాలి.

పటం చరిత్ర

లండన్ భూగర్భ రైలు మార్గాలను వేర్వేరు కంపెనీలు నడిపిన కాలంలో ప్రతి కంపెనీ తన పటం తాను వేసుకునేది. 1908లో అన్ని మార్గాలనూ కలిపి చూపే ఉమ్మడి పటం వచ్చింది. అది నగర భూగోళం మీద గీసినది కాబట్టి ఊరి మధ్య స్టేషన్లు ఇరుక్కుపోయేవి, శివారు స్టేషన్లు ఎక్కడో దూరంగా ఉండేవి. ఆ రైల్వేలోనే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన హ్యారీ బెక్ 1931లో కొత్త పద్ధతి ఆలోచించాడు. నేల కింద వెళ్లే ప్రయాణికుడికి పైన ఏ వీధి ఉందన్నది అక్కర్లేదు. ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ లైను మారాలి అన్నవే కావాలి. అందుకని గీతలన్నిటినీ అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల వాలుగా మాత్రమే గీశాడు. మధ్య భాగాన్ని పెద్దది చేసి, శివార్లను కుదించాడు. లైను మారే స్టేషన్లకు ప్రత్యేకమైన గుర్తు పెట్టాడు. మరీ కొత్తగా ఉందని మొదట తిరస్కరించిన అధికారులే 1933లో దాన్ని జేబు పటంగా అచ్చువేశారు. ఆ తర్వాత ప్రపంచంలోని చాలా మెట్రోలు ఈ పద్ధతినే అనుసరించాయి. హైదరాబాద్ మెట్రో పటం కూడా ఆ కోవలోదే.

బెక్ దూరాన్ని వదులుకుని క్రమాన్ని నిలబెట్టాడు. చదివేవారు మాత్రం వదిలేసిన దూరాన్నే మళ్లీ పటంలో వెతుకుతుంటారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గువో 2011లో ప్రచురించిన అధ్యయనం లండన్ ప్రయాణికుల ఎంపికలను పరిశీలించి, దారి ఎంచుకోవడంలో అసలు ప్రయాణ కాలం కన్నా పటంలో కనిపించే పొడవు ప్రభావమే దాదాపు రెట్టింపని తేల్చింది. రోజూ తిరిగేవారు కూడా పటం మాటే నమ్మారు. కొత్తగా ఊరికి వచ్చినవారి సంగతి చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ ఉదాహరణ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు వెళ్లాలనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ ఎర్ర లైను మీద ఉంది. పటంలో సికింద్రాబాద్ పేరుతో రెండు స్టేషన్లు కనిపిస్తాయి: నీలి లైను మీద సికింద్రాబాద్ ఈస్ట్, ఆకుపచ్చ లైను మీద సికింద్రాబాద్ వెస్ట్. రెండూ రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నాయి కానీ, రెండూ ఒకటి కావు. అమీర్‌పేటలో నీలి లైనుకు మారితే ఈస్ట్‌కు చేరతాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకు 13 స్టాపులు, అక్కడినుంచి ఈస్ట్‌కు మరో 6, మొత్తం 19. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆకుపచ్చ లైనుకు మారితే మొదట 4, తర్వాత వెస్ట్‌కు 7, మొత్తం 11. రెండింటిలోనూ ఒక్కసారే మారుతున్నాం. ఈ మెట్రోలో స్టాపుకు సగటున రెండు నిమిషాల చొప్పున వేసుకోవచ్చు. ఎనిమిది స్టాపులు తగ్గితే పావుగంట ఆదా అయినట్టే.

లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. ఎక్కిన స్టేషన్‌ను లెక్కపెట్టకూడదు, దిగే స్టేషన్‌ను వదలకూడదు. లైను మారే స్టేషన్‌ను మొదటి గీతకే కలపాలి, రెండో గీతలో మళ్లీ లెక్కించకూడదు. దారి తేలాక ప్రతి గీతకూ మనం వెళ్లే వైపు చివరి స్టేషన్ పేరు గుర్తుంచుకోవాలి. ఇక్కడ మొదట మియాపూర్ వైపు, తర్వాత జేబీఎస్ వైపు రైలు ఎక్కాలి.

ఫొటో తెచ్చే చిక్కులు

పక్కనుంచి తీసిన ఫొటోలో దూరపు అంచు కుదించుకుపోతుంది. గీత పొడవును నమ్మకూడదనడానికి ఇది మరో కారణం. పసుపు దీపాల కింద నీలం, ఆకుపచ్చ ఒకేలా కనిపించవచ్చు. అప్పుడు రంగును కాకుండా స్టేషన్ల పేర్ల వరుసను పట్టుకుని వెళ్లాలి. అద్దం మీది వెలుగు ఒక పేరును మింగేస్తే లెక్క ఒకటి తప్పుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు కాలంతో వస్తుంది. హైదరాబాద్‌లో 2017 నవంబరులో మియాపూర్, అమీర్‌పేట, నాగోలు మధ్య రైళ్లు మొదలయ్యాయి. 2018 సెప్టెంబరులో ఎర్ర లైను ఎల్బీ నగర్ దాకా వచ్చింది. ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. అంటే 2019లో పై ప్రయాణానికి 19 స్టాపుల అమీర్‌పేట దారి ఒక్కటే గతి. నాటి పటం నేడు చూస్తే అదే తప్పు దారి. తొలినాటి ప్రణాళిక పటాలు ఆకుపచ్చ లైనును ఫలక్‌నుమా దాకా చూపాయి, కానీ 2020లో ప్రారంభమైన మార్గం మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరే ఆగింది. ఫొటో నిన్నటిదైనా గోడ మీది పటం పాతది కావచ్చు. అందుకే గీత నిండుగా ఉందా, చుక్కలుగా ఉందా, మూలన ఏ తేదీ ఉంది అన్నవి మొదట చూడాలి.

అభ్యంతరాలు, పరిమితులు

స్టేషన్ల మధ్య దూరాలన్నీ ఒకేలా ఉండవు కదా, స్టాపుల లెక్క మాత్రం ఎలా నమ్మాలి అని అడగవచ్చు. ప్రశ్న సరైనదే. అయితే నగరం లోపల రైలు కాలంలో పెద్ద భాగం ఆగడానికి, తలుపులు తెరిచి మూయడానికి, మళ్లీ వేగం అందుకోవడానికే పోతుంది; అందుకే లెక్క కాలానికి దగ్గరగా వస్తుంది. తేడా ఒకటి రెండు స్టాపులే అయితే దాన్ని పట్టించుకోవద్దు, నడక తక్కువైన చోటే మారాలి. ఆరు, ఎనిమిది స్టాపుల తేడా మాత్రం నమ్మదగినదే. విమానాశ్రయ లైన్ల వంటి చోట్ల, స్టేషన్లు చాలా దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క పనికిరాదు.

ఒక్క మార్పే ఎప్పుడూ మేలా అన్నది రెండో అభ్యంతరం. ఎప్పుడూ కాదు. పై ఉదాహరణలో సికింద్రాబాద్ ఈస్ట్‌కే చేరాలంటే, జేబీఎస్‌లో దిగి పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌కు నడిచి నీలి లైను ఎక్కితే 13 స్టాపులతో సరిపోతుంది, కానీ రెండుసార్లు మారాలి. అమీర్‌పేట దారి కన్నా ఆరు స్టాపులు, అంటే పన్నెండు నిమిషాలు తగ్గుతాయి. రెండో మార్పుకు పట్టే నడక, ఎదురుచూపు కలిపి అంతకన్నా తక్కువైతేనే అది లాభం. రైళ్లు దగ్గరదగ్గరగా నడిచే వేళల్లో లాభమే. రాత్రి ఆలస్యమైతే, చేతిలో సామాను ఉంటే ఒక్క మార్పే క్షేమం.

కాబట్టి పటం ఫొటో తెరిచినప్పుడు ముందు దాని తేదీ చూడండి, తర్వాత రెండు లైన్లు కలిసే చోట్లన్నీ గుర్తించండి, ఒక్కో దారికీ స్టాపులు లెక్కపెట్టండి. గీత పొడవును కంటితో కొలవకండి.