పరిశోధనకు రమ్మని పిలిస్తే: వేళ, సమ్మతి, మానుకునే హక్కు

రెండు భాషలు మాట్లాడే పెద్దల జ్ఞాపకశక్తిని పరీక్షించే పరిశోధనలకు మనవంటి ఇళ్లవారు కావలసి వస్తుంటారు. దానికి కారణం ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు వచ్చినవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రచురించింది.

మా సంఘం సభ్యురాలు ఒక పెద్దావిడకు అలాంటి పిలుపే వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో చదివింది తమిళం. ఫోనులో "గంటన్నర పని" అన్నారు. ఆ గంటన్నర పరీక్షలకే. పత్రం చదవడానికి అరగంట, మధ్యలో విరామం, రానుపోను ప్రయాణం కలిపితే సగం రోజు. అందుకే వేళ ఒప్పుకునే ముందు మొత్తం ఎంతసేపు, ఎన్నిసార్లు రావాలి, బస్సు ఖర్చు ఇస్తారా, పరీక్ష ఏ భాషలో అని అడగాలి. ఉదయం పూట, టిఫినూ రోజువారీ మాత్రలూ అయ్యాక వెళ్లడం మేలు. కళ్లజోడు, వినికిడి యంత్రం మరవకూడదు. బొమ్మ కనబడక పేరు చెప్పలేకపోతే, అది మతిమరుపు లెక్కలో పడే ప్రమాదం ఉంది.

అక్కడ ఆవిడ చేతికి తెలుగులో అచ్చయిన సమ్మతి పత్రం ఇచ్చారు. తెలుగువారే కదా అనుకున్నారు పాపం! ఆవిడకు తెలుగు అక్షరాలు రావు. "సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాడు వెంట వెళ్లిన కొడుకు. అలా పెట్టకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం విషయం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేనివారికైతే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఆ సాక్షి కూడా సంతకం చేయాలి. పరిశోధకుడి దగ్గర పనిచేసే సహాయకుడు ఆ సాక్షిగా పనికిరాడు. పెద్దవారు తమంతట తాము అర్థం చేసుకోగలిగినప్పుడు కొడుకు సంతకం వారి సమ్మతి కాదు. ఆవిడ తమిళ పత్రం అడిగారు. అది లేకపోవడంతో పరీక్ష మరో రోజుకు మార్చారు. అదే సరైన పని. సంతకమయ్యాక సమాచార పత్రం, సమ్మతి పత్రం రెండింటికీ నకలు అడిగి తీసుకోండి.

రెండోసారి వెళ్లినప్పుడు సగం పరీక్షయ్యేసరికి ఆవిడ అలసిపోయి ఇక చాలన్నారు. కారణం చెప్పనక్కరలేదు. మానుకున్నందుకు అదే ఆసుపత్రిలో ఆవిడకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. తరవాత మనసు మారినా నకలులో ఉన్న పరిశోధకుడి నంబరుకు చెప్పవచ్చు. ఆయన పట్టించుకోకపోతే నైతిక సంఘం కార్యదర్శి నంబరు కూడా అందులోనే ఉంటుంది. ఫోనులో చెప్పినా, తేదీ వేసి రెండు వరుసల ఉత్తరం కూడా ఇవ్వండి. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, కాగితం విలువ నాకు తెలుసు.

ఒక చిక్కు మాత్రం ఉంది. మానుకుంటే అప్పటిదాకా తీసుకున్న వివరాలు, గొంతు రికార్డింగు వాటంతటవే చెరిగిపోవు. పేరు తీసేసి అందరి లెక్కల్లో కలిపేశాక, లేదా ప్రచురించాక వెనక్కి తీయడం సాధారణంగా కుదరదు. ఏ తేదీలోగా చెబితే తొలగిస్తారో సంతకానికి ముందే అడిగి పత్రం మీద రాయించుకోవాలి. ఆవిడ మర్నాడే చెప్పారు గనుక రికార్డింగు తీసేశారు.