సమీక్షా ప్రోటోకాల్ నమోదు

వైద్యంలో ఒకే ప్రశ్నపై వెలువడిన అధ్యయనాలన్నిటినీ వెతికి, ఏరి, వాటి ఫలితాలను కలిపి చూడటాన్ని క్రమబద్ధ సమీక్ష అంటారు. ఏ అధ్యయనాలను తీసుకోవాలి, ఏ ఫలితాన్ని ప్రధానంగా చూడాలి, లెక్క ఎలా కట్టాలి అన్నవి ముందే రాసిపెట్టుకునే పత్రం ప్రోటోకాల్. దాన్ని తేదీతో సహా అందరికీ కనిపించే పట్టికలో చేర్చడమే నమోదు. ప్రోటోకాల్‌కు భిన్నంగా జరిగినవాటిని తుది నివేదికలో కారణాలతో చెప్పడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

సమీక్షకు ఈ కట్టుబాటు ప్రత్యేకంగా అవసరం. సమీక్షకుడు చూడబోయే అధ్యయనాలు చాలావరకు అప్పటికే అచ్చయి ఉంటాయి, వాటి ఫలితాలు కొన్ని అతనికి ముందే తెలిసి ఉండవచ్చు. తనకు నచ్చిన జవాబు వచ్చేలా ప్రశ్నను మలచుకునే వీలు ఇక్కడే ఉంది.

తొలి దశ

స్కర్వీ వ్యాధిపై అంతకుముందు వచ్చిన రచనలను జేమ్స్ లిండ్ 1753లోనే విమర్శనాత్మకంగా పరిశీలించాడు. 1904లో కార్ల్ పియర్సన్ టైఫాయిడ్ టీకా ఫలితాలను కలిపి లెక్కగట్టాడు. పద్ధతిని ముందుగా ప్రకటించే ఆచారం మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా స్థిరపడలేదు.

కాక్రేన్ కాలం

1993లో ఏర్పడిన కాక్రేన్ కొలాబరేషన్ ఈ ఆచారానికి గట్టి పునాది వేసింది. సమీక్షకంటే ముందు దాని ప్రోటోకాల్‌ను సంస్థ తన డేటాబేస్‌లో ప్రచురించేది. ఆ తర్వాత పూర్తయిన సమీక్షలో ప్రోటోకాల్‌కూ సమీక్షకూ ఉన్న తేడాలు చెప్పడానికి ప్రత్యేక విభాగం కూడా వచ్చింది. రెండూ పక్కపక్కనే దొరకడంతో పోల్చి చూడటం సాధ్యమైంది.

క్రిస్ సిలగీ బృందం 2002లో అలా పోల్చింది. పరిశీలించిన 47 సమీక్షల్లో 43 కనీసం ఒక విభాగంలోనైనా ప్రోటోకాల్ నుంచి గణనీయంగా మారాయి. మారడం తప్పేమీ కాదు, పని మొదలయ్యాకే కొన్ని విషయాలు తెలుస్తాయి. మార్పు ఎటువైపు జరిగిందన్న ప్రశ్నను 2010లో జేమీ కిర్కమ్, డగ్లస్ ఆల్ట్‌మన్, పౌలా విలియమ్‌సన్‌ల అధ్యయనం ముందుకు తెచ్చింది. వారు చూసిన 288 ప్రోటోకాల్-సమీక్ష జతల్లో 64 చోట్ల ఫలితాంశాలు మారాయి. కారణం చెప్పినవి నాలుగే. ప్రాధాన్యం పెంచిన ఫలితాంశాల్లో గణాంకపరంగా స్పష్టమైన తేడా కనిపించే అవకాశం, మార్పు లేనివాటికంటే 1.66 రెట్లు ఉంది. నిశ్శబ్దంగా జరిగే మార్పు ఎంత ప్రమాదకరమో నిరూపించిన విలువైన అధ్యయనమిది.

ప్రాస్పెరో

కాక్రేన్ వెలుపలి సమీక్షలకు 2011 ఫిబ్రవరిలో దారి తెరుచుకుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సెంటర్ ఫర్ రివ్యూస్ అండ్ డిసెమినేషన్ ప్రాస్పెరో అనే అంతర్జాతీయ పట్టికను ప్రారంభించింది. ఏ దేశపు బృందమైనా ఇందులో నమోదు చేసుకోవచ్చు. ప్రతి నమోదుకూ ఒక సంఖ్య వస్తుంది. తర్వాత చేసే సవరణలు తేదీలతో నిలిచి ఉంటాయి, పాత రూపమూ చెరిగిపోదు.

మార్పును వివరించే తీరు

2009 నాటి ప్రిస్మా మార్గదర్శకాలు ప్రోటోకాల్ ఉందో లేదో చెప్పమన్నాయి. ప్రోటోకాల్ ఎలా రాయాలో 2015లో ప్రిస్మా-పి వివరించింది. ప్రిస్మా 2020లోని 24వ అంశం నమోదు వివరాలు, ప్రోటోకాల్ ఎక్కడ దొరుకుతుంది, ఏ సవరణలు జరిగాయి అన్న మూడింటినీ అడుగుతుంది.

ఉదాహరణకు, గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలపై ఒక సమీక్ష చేస్తున్నారనుకుందాం. ప్రసవ సమయపు హిమోగ్లోబిన్‌ను ప్రధాన ఫలితాంశంగా నమోదు చేశారు. అధ్యయనాలు చేతికొచ్చాక, చాలావాటిలో ఆ పరీక్షను 36వ వారం దగ్గరే చేసినట్లు తేలింది. అప్పుడు బృందం చేయాల్సింది నమోదును సవరించి, నివేదికలో నాలుగు సంగతులు చెప్పడం: ఏది మారింది, ఎందుకు మారింది, ఎప్పుడు మారింది, దానివల్ల తీర్పు మారిందా. వీటిలో మూడోది కీలకం. ఫలితాల అంకెలు చూడకముందు చేసిన మార్పుకున్న విలువ, చూశాక చేసినదానికి ఉండదు. నాలుగోదానికి జవాబు కావాలంటే, మొదట అనుకున్న కొలతతోనూ లెక్కగట్టి ఆ ఫలితాన్ని పక్కనే చూపాలి. ‘స్వల్ప సవరణలు చేశాం’ అన్న ఒక్క వాక్యం పాఠకుడికి ఏమీ చెప్పదు.

పరిమితులు

నమోదు సమీక్ష నాణ్యతకు హామీ కాదు. ప్రాస్పెరో ప్రోటోకాల్‌లోని శాస్త్రీయ బాగోగులపై నిపుణులతో తీర్పు ఇప్పించదు. పని సగం ముగించి ఆపై నమోదు చేసేవారిని గుర్తించడమూ కష్టమే. కాలక్రమంలో నిబంధన బిగిసి, అధ్యయనాల నుంచి సమాచారం సేకరించడం మొదలుపెట్టకముందే నమోదు కావాలన్నారు. సమీక్షల నాణ్యతను అంచనా వేసే ఆమ్‌స్టార్ 2 (2017), ముందస్తు ప్రోటోకాల్ ఉండటాన్నీ ముఖ్యమైన తేడాలకు సమర్థన ఇవ్వడాన్నీ కీలక అంశంగా లెక్కిస్తుంది. ఇది లోపించిన సమీక్షపై నమ్మకం, మిగతా కీలక అంశాలన్నీ బాగున్నా, తక్కువ స్థాయికి దిగుతుంది.