రోజుకు 10 వేల అడుగులు నడిస్తే ప్రీమియం 30 శాతం తగ్గుతుందా? హెల్త్ పాలసీల్లో అసలు లెక్క ఇదీ!

'నడవండి.. ప్రీమియం తగ్గించుకోండి', 'ఏటా ఫ్యామిలీ అందరికీ ఫ్రీ హెల్త్ చెకప్'. హెల్త్ ఇన్సూరెన్స్ యాడ్స్‌లో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మాటలివి. ఆదిత్య బిర్లా, నివా బుపా, కేర్, స్టార్ హెల్త్ లాంటి కంపెనీల పాలసీల్లో ఏదో ఒక రూపంలో వెల్‌నెస్ ప్రోగ్రామ్ ఉంటోంది. ఇది మోసమేమీ కాదు, నిబంధనల ప్రకారమే ఇస్తున్నారు. కానీ రెన్యువల్ నోటీస్ చేతికొచ్చాక చాలామందికి షాక్ తగులుతోంది. ఏడాదంతా నడిచినా తగ్గింది వెయ్యో, రెండు వేలో! ఎందుకిలా జరుగుతుంది? రోజుల లెక్క ఎలా వేస్తారు? ఫ్రీ చెకప్‌లో షుగర్ బయటపడితే పాలసీకి ఇబ్బందా? ఇవన్నీ ఇప్పుడు చూద్దాం.

అసలు వెల్‌నెస్ బెనిఫిట్ అంటే ఏంటి?

ఆరోగ్యంగా ఉండేందుకు ప్రయత్నించే కస్టమర్లకు కంపెనీలు రివార్డులు ఇవ్వొచ్చని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించింది. దీనిపై 2020 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. రివార్డును కంపెనీలు రకరకాలుగా ఇస్తాయి. కొన్ని రెన్యువల్ ప్రీమియంలో డిస్కౌంట్ ఇస్తాయి. కొన్ని పాయింట్లు ఇచ్చి, వాటితో మందులు, టెస్టులు, డాక్టర్ కన్సల్టేషన్, జిమ్ మెంబర్‌షిప్ లాంటివి తీసుకోమంటాయి.

ఇక్కడ మొదట గమనించాల్సింది ఒకటుంది. పాయింట్లు అంటే డబ్బు కాదు. వాటిని ఎక్కడ వాడాలి, ఎప్పటిలోగా వాడాలి అన్నది పాలసీలోనే రాసి ఉంటుంది. గడువు దాటితే పోయినట్టే. అందుకే చాలామందికి నేరుగా ఉపయోగపడేది ప్రీమియం డిస్కౌంటే.

'30 శాతం వరకు' అన్నదాంట్లో 'వరకు' ముఖ్యం

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని షరతులు, అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. కంపెనీని బట్టి, పాలసీని బట్టి ఇవి మారతాయి.

విజయవాడలో ఓ ప్రైవేట్ ఉద్యోగి తనకు, భార్యకు, ఇద్దరు పిల్లలకు కలిపి 10 లక్షల ఫ్లోటర్ పాలసీ ఏప్రిల్ 1న తీసుకున్నారు. మొత్తం ప్రీమియం 24 వేలు. అందులో అసలు పాలసీకి 20 వేలు, అదనంగా తీసుకున్న రైడర్లకు 4 వేలు. వెల్‌నెస్ షరతులు ఇలా ఉన్నాయి. రోజుకు 10 వేల అడుగులు నడిచిన రోజులు 270 దాటితే 30 శాతం, 180 నుంచి 269 వరకు ఉంటే 15 శాతం, 90 నుంచి 179 వరకు ఉంటే 5 శాతం డిస్కౌంట్. 90 లోపు ఉంటే ఏమీ రాదు. రెన్యువల్‌కు ముందు చివరి 30 రోజులు లెక్కలోకి రావు.

ఆయన అనుకున్నది సింపుల్. 24 వేలలో 30 శాతం అంటే 7,200 రూపాయలు మిగులుతుంది. కానీ జరిగింది వేరు.

కంపెనీ యాప్ వేసుకుని, ఫోన్‌లోని స్టెప్ కౌంటర్‌తో లింక్ చేసింది మే 16న. అడుగుల లెక్క మొదలయ్యేది లింక్ చేసిన రోజు నుంచే. అంటే మొదటి 45 రోజులు పోయాయి. చివరి 30 రోజులు ఎలాగూ లెక్కలో లేవు. ఇక మిగిలింది 290 రోజులు. అందులో 270 రోజులు 10 వేలు దాటాలంటే, ఏడాది మొత్తంలో 20 రోజులే తప్పొచ్చు. జ్వరం, పెళ్లిళ్లు, ప్రయాణాలు, వర్షాలు.. అన్నీ ఆ 20 రోజుల్లోనే సర్దుకోవాలి.

చివరికి ఆయన 212 రోజులు పూర్తి చేశారు. చిన్న విషయం కాదు. 10 వేల అడుగులంటే సుమారు 7 కిలోమీటర్లు! అయినా వచ్చింది 15 శాతం స్లాబే.

ఇంకో మెలిక ఉంది. అది ఫ్లోటర్ పాలసీ కాబట్టి పెద్దవాళ్లిద్దరి డిస్కౌంట్ సగటు తీస్తారు. భార్య ఫోన్ ఇంట్లో పెట్టి పనులు చేసుకోవడంతో యాప్‌లో ఆమెకు పడింది 60 రోజులే. అంటే సున్నా శాతం. ఆయన 15, ఆమె 0 కలిపి సగటు తీస్తే 7.5 శాతం.

ఈలోగా కంపెనీ రేట్లు సవరించింది. అసలు పాలసీ ప్రీమియం 20 వేల నుంచి 22 వేలైంది. డిస్కౌంట్ దీనిమీదే, రైడర్ల మీద ఉండదు. 22 వేలలో 7.5 శాతం అంటే 1,650 రూపాయలు. రైడర్లతో కలిపి 26 వేలలో అది తీసేస్తే కట్టాల్సింది 24,350. అంటే ఏడాదంతా నడిచాక కూడా నిరుటికంటే 350 రూపాయలు ఎక్కువే కట్టారు!

కంపెనీ ఇక్కడ మాట తప్పలేదు. డిస్కౌంట్ లేకపోతే 26 వేలు కట్టాల్సి వచ్చేది. కానీ యాడ్‌లో విన్న 30 శాతానికి, చేతికొచ్చిన 7.5 శాతానికి మధ్య తేడా మొత్తం షరతుల్లోనే ఉంది.

నడిచినా అడుగులు పడట్లేదా? కారణాలివే

యాప్ నేరుగా మీ కాళ్లను లెక్కపెట్టదు. ఫోన్ లేదా వాచ్ లెక్కపెడుతుంది. ఆ లెక్క ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్, ఐఫోన్‌లో యాపిల్ హెల్త్ లాంటి వాటి ద్వారా ఇన్సూరెన్స్ యాప్‌కు చేరుతుంది. మధ్యలో ఎక్కడ లింక్ తెగినా ఆ రోజు సున్నానే.

ఎక్కువగా జరిగేవి మూడు. ఒకటి, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉండి యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆగిపోవడం. రెండు, కొత్త ఫోన్ కొన్నాక పర్మిషన్లు మళ్లీ ఇవ్వకపోవడం. మూడు, రోజుల తరబడి యాప్ తెరవకపోవడంతో డేటా సింక్ కాకపోవడం. చేత్తో టైప్ చేసి ఎక్కించిన అడుగులను చాలా పాలసీలు ఒప్పుకోవు.

దీన్ని కనిపెట్టడం తేలికే. వారానికోసారి ఫోన్‌లోని స్టెప్ కౌంట్, ఇన్సూరెన్స్ యాప్‌లోని స్టెప్ కౌంట్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే వెంటనే రెండింటి స్క్రీన్‌షాట్లు తీసి, యాప్‌లోనే కంప్లైంట్ పెట్టి నంబర్ తీసుకోండి. రెన్యువల్ టైమ్‌లో 'నేను నడిచాను' అంటే వినరు. ఆ రోజు పెట్టిన కంప్లైంట్ నంబరే సాక్ష్యం.

ఇంకో విషయం. కొన్ని పాలసీలు ఏ రోజుకు ఆ రోజు లెక్క చూస్తాయి. అంటే ఒకరోజు 9,800 అడుగులు వేస్తే అది సున్నా కిందే లెక్క. మర్నాడు 15 వేలు నడిచినా అది పూడదు. కొన్ని మాత్రం సగటు తీస్తాయి. మీ పాలసీ ఏ రకమో ముందే తెలుసుకోవాలి. అడుగులకు బదులు జిమ్‌లో 30 నిమిషాల వ్యాయామాన్ని ఒప్పుకునే ప్లాన్లు కూడా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు, ఇంట్లోని పెద్దవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం.

ఫ్రీ చెకప్.. ఎక్కడ ఇరుక్కుంటారు?

ఫ్రీ చెకప్ అంటే ఇష్టమొచ్చిన ల్యాబ్‌లో టెస్టులు చేయించి బిల్లు పంపడం అనుకుంటే పొరపాటే. చాలా పాలసీల్లో యాప్ లేదా కస్టమర్ కేర్ ద్వారానే బుక్ చేసుకోవాలి. కంపెనీ నెట్‌వర్క్ ల్యాబ్‌లోనే చేయించుకోవాలి. ముందు చేయించుకుని బిల్లు పెడితే తిప్పి పంపేస్తారు. చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లు దగ్గర్లో నెట్‌వర్క్ ల్యాబ్ ఉందా, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటారా అన్నది పాలసీ కొనేముందే అడగడం మంచిది.

ఏ టెస్టులు చేస్తారన్నది కూడా ముందే ఫిక్స్ అయి ఉంటుంది. సాధారణంగా షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, రక్తపరీక్ష, యూరిన్, ఈసీజీ లాంటివి ఉంటాయి. పిల్లలకు చాలా ప్లాన్లలో ఉండదు. పాత పాలసీల్లో అయితే వరుసగా కొన్నేళ్లు క్లెయిమ్ లేకపోతేనే చెకప్ అన్న షరతు ఉండేది. ఈ ఏడాది వాడుకోకపోతే వచ్చే ఏడాదికి కలవదు.

ఇంకోటి, రిపోర్టులో తేడా వస్తే ఆ తర్వాతి డాక్టర్ ఫీజు, అదనపు టెస్టులు, మందులు ఫ్రీ కాదు. పాలసీలో ఓపీడీ కవర్ లేకపోతే ఆ ఖర్చంతా జేబులోంచే.

చెకప్‌లో షుగర్ బయటపడితే పాలసీకి ముప్పా?

చాలామందిని ఆపేస్తున్న భయం ఇదే. 'రిపోర్ట్ కంపెనీకి వెళ్తుంది, ప్రీమియం పెంచేస్తారు' అని ఫ్రీ చెకప్‌నే వదిలేస్తున్నారు.

నిబంధనలు అలా లేవు. పాలసీ ఇచ్చాక, బీమా మొత్తం పెంచమని మీరు అడిగితే తప్ప, రెన్యువల్‌లో కంపెనీ మీ ఆరోగ్యాన్ని మళ్లీ కొత్తగా అంచనా వేయకూడదు. అంటే చెకప్‌లో షుగర్ వచ్చిందని మీ ఒక్కరి ప్రీమియం పెంచడం కుదరదు. రిపోర్టు బాగుంటేనే రివార్డు ఇచ్చే ప్లాన్ అయితే ఆ రివార్డు తగ్గొచ్చు, అంతే.

ముందస్తు వ్యాధి అన్న మాటకూ ఒక నిర్వచనం ఉంది. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినదో, చికిత్స సూచించినదో అయితేనే అది ముందస్తు వ్యాధి. పాలసీ తీసుకున్నాక మొదటిసారి ఫ్రీ చెకప్‌లో తెలిసిన షుగర్ ఆ కిందకు రాదు.

అయితే మూడు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి, తర్వాత వేరే కంపెనీకి పోర్ట్ అయినా, బీమా మొత్తం పెంచుకున్నా ఈ విషయం చెప్పి తీరాలి. దాస్తే రేపు క్లెయిమ్‌కే ఎసరు. రెండు, షుగర్ ముందే తెలిసి ప్రపోజల్ ఫామ్‌లో రాయకపోతే, ఫ్రీ చెకప్ రిపోర్టు దాన్ని కప్పిపుచ్చదు. పాలసీ 60 నెలలు కొనసాగితే, మోసం అని రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న రూల్ ఉంది. కానీ ఆలోపు వచ్చే క్లెయిమ్‌లో పాత రికార్డులన్నీ అడుగుతారు. మూడు, ఆస్పత్రిలో చేరినప్పుడు కేస్ షీట్‌లో 'ఐదేళ్లుగా షుగర్' అని అంచనాగా రాసేస్తుంటారు. మొదట తెలిసిన తేదీ చెప్పి, ఆ చెకప్ రిపోర్టు చూపించి సరిగ్గా రాయించుకోవాలి. అందుకే ఆ మొదటి రిపోర్టును జాగ్రత్తగా దాచుకోండి. అది మీకు రక్షణే.

కొనేముందు అడగాల్సినవి

• డిస్కౌంట్ మొత్తం ప్రీమియం మీదా, రైడర్లు తీసేసిన ప్రీమియం మీదా?
• రోజువారీ లెక్కా, సగటు లెక్కా? చివరి ఎన్ని రోజులు లెక్కలోకి రావు?
• ఫ్లోటర్‌లో అందరూ నడవాలా, ఒక్కరు నడిస్తే చాలా?
• చెకప్ మొదటి ఏడాది నుంచే ఉందా? దగ్గర్లో ల్యాబ్ ఉందా?

ఏజెంట్ నోటి మాట కాకుండా పాలసీతో ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, పాలసీ వర్డింగ్స్‌లో ఈ జవాబులు వెతకండి. చెప్పింది ఒకటి, రాసింది ఒకటి అయితే పాలసీ అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయొచ్చు.

రావాల్సిన డిస్కౌంట్ రాకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్ bimabharosa.irdai.gov.in లో గానీ, 155255 నంబర్‌కు గానీ ఫిర్యాదు చేయొచ్చు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఏపీ, తెలంగాణ వాళ్లకు ఈ ఆఫీస్ హైదరాబాద్‌లోనే ఉంది.

రెండు పాలసీల్లో ఏది తీసుకోవాలో తేలనప్పుడు వెల్‌నెస్ డిస్కౌంట్‌ను పక్కన పెట్టి పోల్చండి. రూమ్ రెంట్ పరిమితి, కో-పేమెంట్, వెయిటింగ్ పీరియడ్, మీ ఊళ్లో క్యాష్‌లెస్ ఆస్పత్రులు.. ఇవి చూశాక కూడా రెండూ సమానంగా ఉంటేనే అడుగుల లెక్కలోకి వెళ్లండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఉదాహరణలోని షరతులు, అంకెలు ఏ ఒక్క కంపెనీకీ చెందినవి కావు. కొనేముందు మీ పాలసీ పత్రాలు పూర్తిగా చదవండి.)