అరకు కాఫీ మిషనూ, తరుగుదల లెక్కా

2015 కేంద్ర బడ్జెట్లో ఆదాయపు పన్ను చట్టానికి ఒక చిన్న సెక్షను చేరింది. దాని నంబరు 32ఏడీ. రాష్ట్ర విభజన చట్టంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ పన్ను రాయితీలు ఇస్తామన్న మాట ఉంది కదా, దానికి కొనసాగింపన్నమాట. తర్వాత బీహార్, పశ్చిమ బెంగాల్ కూడా కలిశాయి. వెనుకబడిన జిల్లాలో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టి, 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు మిషన్లు బిగించుకున్నవాళ్ళకి ఈ రాయితీ. మన రాష్ట్రంలో రాయలసీమ నాలుగు జిల్లాలూ, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలూ జాబితాలో ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో గానీ పుట్టలేదు కాబట్టి, అరకు లోయ అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. అంటే కాగితం మీద అరకుకి కూడా ఆ రాయితీ ఉన్నట్టే. మరి అది కొండ దాకా ఎక్కిందా? ఈ టపాలో ఆ లెక్క చూద్దాం.

ముందు అసలు తరుగుదల సంగతి. ఒక కంపెనీ వంద రూపాయలు జీతాలిస్తే, ఆ ఏడాది లాభంలోంచి వందా తీసేసి మిగిలినదాని మీదే పన్ను కడుతుంది. అదే వందతో మిషను కొంటే అలా కుదరదు. మిషను చాలా ఏళ్ళు పనిచేస్తుంది కాబట్టి ఖర్చు కూడా చాలా ఏళ్ళ మీద రాసుకోమంటుంది చట్టం. మామూలు యంత్రాలకి 2005 సవరణ తర్వాత రేటు 15 శాతం. మొదటి ఏడు 15 రూపాయలు, రెండో ఏడు మిగిలిన 85లో 15 శాతం, ఆ తర్వాత మిగిలినదాంట్లో మళ్ళీ 15 శాతం, ఇలా సాగుతూనే ఉంటుంది. చివరికి వందా వస్తుంది, కానీ ఆలస్యంగా. ఆలస్యంగా వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయి కాదు కదా. వడ్డీ 10 శాతం అనుకుంటే ఈ మొత్తం వరస ఇవాళ్టి విలువ ఎంతో రెండు లైన్లలో తేలిపోతుంది:

```
d, r = 0.15, 0.10
print(100 * d * (1 + r) / (r + d))   # 66.0
```

వంద రూపాయల మిషనుకి మన చేతికొచ్చే తగ్గింపు విలువ 66. అదే ఖర్చంతా మొదటి ఏడే రాసేసుకోనిస్తే పూర్తి 100. పన్ను 30 శాతం అనుకుంటే (సర్‌ఛార్జీలూ సెస్సులూ వదిలేద్దాం) మొదటి పద్ధతిలో కంపెనీకి పన్నులో కలిసొచ్చేది 19.80, రెండో పద్ధతిలో 30.

ఈ పది రూపాయల తేడా మిషను కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఎలా మారుస్తుంది? ఒకేసారి రాసుకునే పద్ధతిలో ప్రభుత్వం మిషను ధరలో 30 భరించి, అది సంపాదించేదాంట్లో 30 శాతం పట్టుకెళ్తుంది. అంటే నికరమైన భాగస్వామి. కంపెనీ పెట్టేది 70, తీసుకునేది 70 శాతం. మిషను ఇవాళ్టి విలువలో 100 కంటే ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించినా కొనొచ్చు, పన్ను అడ్డం రాదు. కేరీ బ్రౌన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1948లోనే ఈ సంగతి చూపించాడు. నెమ్మదిగా రాసుకునే పద్ధతిలో మాత్రం ప్రభుత్వం ధరలో 19.80 మాత్రమే భరించి, రాబడిలో 30 శాతమూ తీసుకుంటుంది. కంపెనీ పెట్టేది 80.20, దక్కేది 70 శాతం. గిట్టుబాటు కావాలంటే ఆ మిషను దాదాపు 115 సంపాదించాలి. 108 సంపాదించగల మిషను ఉందనుకోండి. మొదటి పద్ధతిలో కొంటారు, రెండో పద్ధతిలో వదిలేస్తారు. మిషను అదే, పనీ అదే, మారింది పద్దు రాసే తీరు మాత్రమే. ఈ 108 రూపాయల మిషన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మన దేశంలో ఈ రెండు పద్ధతుల మధ్యా ఊగులాట ఎప్పటినుంచో ఉంది. 1955లో డెవలప్‌మెంట్ రిబేటు, 1976లో 25 శాతం ఇన్వెస్ట్‌మెంట్ అలవెన్సు వచ్చాయి. 5,000 రూపాయలు దాటని మిషనైతే మొత్తం ఖర్చు అదే ఏడాది రాసేసుకోవచ్చన్న నిబంధన కూడా 1995 బడ్జెట్ దాకా ఉండేది. అది చూసి ఏం చేశారంటే, సీసాలూ గ్యాస్ సిలిండర్లూ లాంటివి వేల లెక్కన కొని లీజుకిచ్చారు. ఒక్కో సిలిండరూ 5,000 లోపే కదా! పన్ను కట్టేంత లాభం ఉన్న కంపెనీ కొని, వాడుకునే వాళ్ళకి అద్దెకిచ్చేది. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. పన్ను తగ్గింపు అనేది పన్ను కట్టేవాడికే పనికొస్తుంది. పన్నే లేనివాడికి దాన్ని చేర్చాలంటే మధ్యలో ఇంకొకడుండాలి.

ఇప్పుడు అరకు కాఫీకి వద్దాం. నవంబరు నుంచి ఎర్రగా పండిన కాఫీ పళ్ళు కోస్తారు. కోసిన రోజే పల్పర్‌లో వేసి పైతొక్క తీసి, ఒక రోజో ఒకటిన్నర రోజో పులియబెట్టి, కడిగి, తేమ 10-12 శాతానికి దిగేదాకా ఎండబెడితే పార్చ్‌మెంట్ కాఫీ వస్తుంది. పల్పర్ లేనివాళ్ళు పళ్ళని అలాగే ఎండబెట్టి చెర్రీగా అమ్ముకుంటారు, దానికి రేటు తక్కువ. ఆ తర్వాతది క్యూరింగ్. మిషన్లో పైపొర ఒలిచి, గింజల్ని సైజుల వారీగా జల్లించి, చెడ్డవి ఏరేస్తారు. ఈ క్యూరింగ్ తయారీ కిందకి వస్తుందా రాదా అన్న గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఆస్పిన్‌వాల్ కంపెనీ కేసులో 2001లో అది తయారీయే అని తేల్చి, 1976 నాటి ఇన్వెస్ట్‌మెంట్ అలవెన్సుకి అర్హత ఉందంది కోర్టు.

కాబట్టి అరకులో ఒక కంపెనీ 2016లో క్యూరింగ్ మిషను పెట్టిందని ఊహించుకుందాం. వంద రూపాయల మిషనుకి మామూలు తరుగుదల 15, వెనుకబడిన జిల్లా కాబట్టి అదనపు తరుగుదల 35 (మామూలు చోట 20), ఇవి కాక 32ఏడీ కింద మరో 15. మొదటి ఏడే 65 రాసుకోవచ్చు. ఈ చివరి 15 మిషను విలువలోంచి తగ్గదు కాబట్టి మిగిలిన 50 మీద ఏటా 15 శాతం నడుస్తూనే ఉంటుంది. మొత్తం కలిపితే ఇవాళ్టి విలువ 95. మామూలు చోట ఫ్యాక్టరీకి అదే లెక్క 74. అంటే మన జిల్లాకి దాదాపు ఒకేసారి రాసుకునే పద్ధతి ఇచ్చినట్టే. మిషను సంపాదించాల్సిన మొత్తం 111 నుంచి 102కి దిగింది. మన 108 రూపాయల మిషను వేరేచోట గిట్టదు, ఇక్కడ గిట్టుతుంది.

ఒక చిన్న చిక్కుంది. కొన్న ఏడాదిలో మిషను 180 రోజులకంటే తక్కువ వాడితే తరుగుదల సగమే ఇచ్చేవారు. పన్ను సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది కాబట్టి అక్టోబరు మొదటివారం దాటాక నడవడం మొదలుపెడితే అంతే సంగతులు. కాఫీ కోతేమో నవంబరులో మొదలు! అలా సగం పడినా, అదనపు తరుగుదలలో ఆగిన సగం మరుసటి ఏడాది వస్తుంది కాబట్టి 95 కాస్తా 91 అవుతుంది. మిషను 104 సంపాదించాలి. మన మిషను ఇంకా గిట్టుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు అడ్డంకి ఏంటంటే, ఆ కంపెనీ అరకులో లేదు. ఉండటం కూడా తేలిక కాదు. అది షెడ్యూల్డ్ ప్రాంతం, 1970 నాటి 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. అరకు పక్కనే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల మీద వచ్చిన సమత కేసులో, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ రక్షణలు ఉండాల్సినవే, వాటిని తీసేయమని నేను అనడం లేదు. కానీ రాయితీ కొలమానం జిల్లా. జిల్లా మొత్తానికీ ఒకే లెక్క. సముద్రం ఒడ్డున అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పెట్టినా అదే 95, అరకులో పెట్టినా అదే 95. అలాంటప్పుడు ఏ కంపెనీ అయినా ఘాట్ రోడ్డెక్కి ఎందుకొస్తుంది చెప్పండి?

పోనీ అరకులో మిషను కొనేదెవరు? గిరిజన రైతులు, వాళ్ళ సహకార సంఘాలు. రైతు కాఫీని క్యూరింగ్ చేయకుండా అమ్ముకుంటే అది వ్యవసాయాదాయం, పన్నే లేదు. పండించినవాడే క్యూరింగ్ చేసి అమ్మితే రూల్ 7బీ ప్రకారం నాలుగో వంతు మాత్రమే పన్ను లెక్కలోకి వస్తుంది. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకి ఆ నాలుగో వంతు పన్ను పరిమితి దరిదాపులకి కూడా రాదు. సభ్యుల పంటను అమ్మిపెట్టే సహకార సంఘానికి 80పీ కింద ఆ లాభం మీద పూర్తి మినహాయింపు. సున్నాలోంచి 65 తీసేస్తే ఏమొస్తుంది? గ్యాస్ సిలిండర్ల దారీ ఇక్కడ లేదు. 32ఏడీ కింద ఫ్యాక్టరీ పెట్టినవాడే మిషను కొని బిగించాలి, అదనపు తరుగుదలా తయారీదారుకే.

దీన్ని చూసి సహకార సంఘానికి అన్యాయం జరిగిందనుకుంటే అదీ పొరపాటే. పన్ను లేదు కాబట్టి వాళ్ళ మిషను 100 దాటి ఎంత సంపాదించినా గిట్టుబాటే. 108 రూపాయల మిషను వాళ్ళకి ఎప్పుడూ లాభమే. నెమ్మది తరుగుదల కంపెనీ ముందు కట్టే గోడ వాళ్ళ ముందు మొదటినుంచీ లేదు. వాళ్ళకున్న ఇబ్బంది వేరు, ఆ వంద రూపాయలు చేతిలో లేకపోవడం. లాభాల్లో ఉన్న కంపెనీకి మొదటి ఏడే 65 మీద 30 శాతం, అంటే 19.50 పన్ను రూపంలో వెనక్కొస్తుంది. సంఘం వందా తానే తెచ్చుకోవాలి. అందుకే కొండ మీద పల్పర్ల సంఖ్య పెంచింది తరుగుదల రేట్లు కాదు, ఐటీడీఏ, కాఫీ బోర్డు లాంటివి సబ్సిడీ మీద ఇచ్చిన మిషన్లు.

2019లో కథ మళ్ళీ మారింది. అదనపు తరుగుదల, 32ఏడీ లాంటివి వదులుకుంటే కంపెనీలకి 22 శాతం పన్నే చాలన్నారు. అందరికీ సంతోషమే. కానీ లెక్కేస్తే, 22 శాతం దగ్గర 66 రూపాయల తరుగుదలతో మిషను దాదాపు 110 సంపాదించాలి. మన 108 రూపాయల మిషను మళ్ళీ ఆగిపోయింది. రేటు తగ్గిస్తే పాత మిషన్ల మీద వచ్చే లాభానికి కూడా రాయితీ దొరుకుతుంది. ఒకేసారి రాసుకోనిస్తే కొత్తగా కొన్నవాడికే దొరుకుతుంది. 2020 మార్చితో 32ఏడీ గడువు కూడా తీరిపోయింది.

నాకనిపించేది ఒకటే. కంపెనీల చేత మిషన్లు కొనిపించాలంటే ఖర్చు ఒకేసారి రాసుకోనివ్వడం మంచి పనిముట్టే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ అది పన్ను అనే గోడని కూలగొట్టే గునపం. గోడ లేనిచోట గునపం ఇచ్చి, వెనుకబడిన ప్రాంతానికి సాయం చేశామంటే ఎలా? అదే 95 రూపాయల తగ్గింపుకి ఖజానా వదులుకునేది 28.50. ఆ 28.50ని పన్నుతో సంబంధం లేకుండా మిషను బిగించిన రోజే నగదుగా ఇస్తే, అచ్యుతాపురం కంపెనీకి తేడా పడదు, అరకు సంఘానికి మాత్రం పల్పర్ ధరలో పావు వంతు పైన చేతికొచ్చేది. మీరేమంటారు?